పాత మిద్దెకు ఏది, అద్దె గోడకు ఏది: సున్నం, డిస్టెంపర్, ఎమల్షన్ ఎంచుకుని వేసే తీరు

తాడిపత్రి దాటినాక ఒక పల్లెలో మా పెదనాన్న వాళ్ల పాత ఇల్లు ఉంది. రెండడుగుల మందం రాతి గోడలు, రాళ్ల మధ్య మట్టి, లోపల సున్నపు గార, పైన మట్టి మిద్దె. మా చిన్నప్పుడు ఏటా సంక్రాంతికి ముందు దానికి సున్నం కొట్టేవాళ్లు. ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడు మాత్రం, వచ్చిన చుట్టాల చొక్కాలకు సున్నం అంటుకుంటుందని, గోడలన్నిటికీ లప్పం పెట్టించి, ప్రైమర్ వేయించి, రెండు కోటింగులు ఎమల్షన్ కొట్టించాం. ఫిబ్రవరిలో పెళ్లి నాటికి గోడలు అద్దంలా ఉన్నాయి. సెప్టెంబర్, అక్టోబర్ వానలు పడ్డాక మోకాలి ఎత్తులో రంగు బుడగలు లేచింది. ఒక బుడగను వేలితో నొక్కితే లోపల లప్పం తడిసిన పిండిలా ఉంది, దాని వెనక దూదిలాంటి తెల్లటి ఉప్పు. దీపావళి నాటికి పెచ్చులు నేల మీద పడ్డాయి.

ఊళ్లో సున్నం కొట్టే పెద్దాయన వచ్చి చూసి ఒకే మాట అన్నాడు. "గోడ నీళ్లు తాగతాది నాయనా, మళ్లా ఇడిసిపెడతాది. మీరు దాని నోరు మూసినారు." ఆ మాట వెనక ఉన్న విషయం అర్థమైతే మూడు రంగుల్లో మీ గోడకు ఏది సరిపోతుందో సగం తేలిపోయినట్టే. అందుకే ధర, అందం పక్కన పెట్టి ముందు గోడ దగ్గరికి వెళ్దాం.

మొదట గోడ ఏదో చూడండి

ఒక మూల పెచ్చు ఊడిన చోట గీకి చూడండి. లోపల మట్టి, రాయి, తెల్లటి మెత్తని గార కనిపిస్తే అది పాత తరహా గోడ. బూడిద రంగులో గట్టిగా, గోరుకు గీత పడకుండా ఉంటే సిమెంటు పూత. మన వైపు ఇళ్లలో రెండూ కలిసి ఉండటం చాలా మామూలు. ముందు గదులు పాత రాతివి, వెనక వంటిల్లు తర్వాత కట్టిన ఇటుకది. అలాంటప్పుడు ఇల్లంతటికీ ఒకే రంగు అనుకోవద్దు. గోడ మారిన చోట రంగూ మారాలి.

ఈ తేడా ఎందుకంటే, పాత రాతి గోడకు కింద చెమ్మను ఆపే పొర ఏదీ ఉండదు. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు, రాళ్ల మధ్య ఉన్న మట్టి నేలలోని తడిని పైకి పీలుస్తుంది. ఆ తడితో పాటు నేలలోని ఉప్పు కూడా వస్తుంది. మన చౌడు నేలల్లో ఆ ఉప్పుకు కొదవ లేదు. సాధారణంగా రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఎక్కిన తడి గోడ పైపొరకు వచ్చి ఆవిరైపోతుంది. సున్నం పూత సన్నని రంధ్రాలున్న రాయి లాంటిది కాబట్టి ఆ ఆవిరిని బయటికి వదిలేస్తుంది. ఉప్పు పైకి తేలితే చీపురుతో దులిపేస్తే చాలు. ఎమల్షన్ అంటే అక్రిలిక్ జిగురుతో ఏర్పడే పల్చటి పొర. అది బయటి నీళ్లను లోపలికి రానివ్వనట్టే లోపలి తడిని బయటికీ అంతగా పోనివ్వదు. అప్పుడు ఉప్పు పొర వెనకే గడ్డకట్టి, లప్పాన్నీ రంగునూ కలిపి ముందుకు నెడుతుంది. మా గోడకు జరిగింది అదే.

డిస్టెంపర్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అది ప్రధానంగా సుద్ద పొడి, కొంచెం జిగురు, రంగు. పాత రకం పొడి డిస్టెంపర్‌లో ఆ జిగురు నీళ్లకు కరిగిపోతుంది. ఇప్పుడు బకెట్లలో దొరికే అక్రిలిక్ డిస్టెంపర్ తడిగుడ్డ మెల్లగా తుడిస్తే తట్టుకుంటుంది. దానికి ఎమల్షన్ అంత గట్టి పొర ఉండదు కాబట్టి చెమ్మ గోడ మీద బుడగలు లేవడానికి బదులు పొడిగా రాలిపోతుంది. పాడవడం మాత్రం పాడవుతుంది. బయటి గోడలకు అది అసలు పనికిరాదు.

పైన ఉన్న పాత పూత ఏదో తేల్చుకోండి

చాలామంది ఈ పని చేయరు, తర్వాత పెయింటర్‌ను తిడతారు. రంగు గోడను పట్టుకోదు, కింద ఉన్న పూతను పట్టుకుంటుంది. ఆ పూత వదులుగా ఉంటే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా రెండూ కలిసి ఊడతాయి.

అరచేయి గట్టిగా రుద్దండి. తెల్లగా పొడి అంటితే సున్నం కానీ డిస్టెంపర్ కానీ అయ్యుంటుంది. తర్వాత తడిపిన స్పాంజితో ఒకే చోట పది పదిహేను సార్లు రుద్దండి. తడి తగలగానే గోడ ముదురు రంగుకు తిరిగి, ఆరాక మళ్లీ తెల్లబడితే సున్నం. రంగు పేస్టులా కరిగి స్పాంజికి వచ్చేస్తే పొడి డిస్టెంపర్. స్పాంజికి లేతగా రంగు అంటి, గోడ మీద పూత నిలిచే ఉంటే అక్రిలిక్ డిస్టెంపర్. నీళ్లు ఇంకకుండా జారిపోయి, స్పాంజి శుభ్రంగా ఉంటే ఎమల్షన్. నిమ్మరసం చుక్క వేస్తే సున్నం పొంగుతుంది, అలా కనిపెట్టవచ్చని కొందరు చెబుతారు. ఆ పరీక్షను నమ్మవద్దు. డిస్టెంపర్‌లోని సుద్ద కూడా అలాగే పొంగుతుంది.

చివరగా వెడల్పాటి టేపు ముక్కను గోడకు గట్టిగా ఒత్తి ఒక్కసారిగా లాగండి. టేపుకు పెచ్చు వస్తే అక్కడ గీకక తప్పదు. పొడి మాత్రమే వస్తే దులిపి, ప్రైమర్‌తో బిగించవచ్చు. ఏమీ రాకపోతే పాత పూత గట్టిగా ఉన్నట్టు.

చెమ్మ సంగతి తేలకుండా డబ్బా కొనవద్దు

అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నేలకు అడుగున్నర ఎత్తులో నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలో నుంచి వస్తోంది. గది వైపు పడితే అది గదిలోని తేమ, కిటికీ తెరిస్తే తగ్గేది. వానాకాలం చివర చేస్తే నిజం బయటపడుతుంది. ఏప్రిల్‌లో చేస్తే మన ఎండలకు ఏ గోడైనా పొడిగానే కనిపిస్తుంది. మేము మోసపోయింది అక్కడే. పెళ్లి ముందు జనవరిలో గోడ ముట్టుకుని, పొడిగా ఉందనుకున్నాం.

తర్వాత బయటికి వెళ్లి గోడ మొదలు చూడండి. మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు వేసినప్పుడు వీధి అడుగు ఎత్తు పెరిగింది. వీధి ఇంటి గచ్చు కన్నా పైకి వచ్చేసరికి వాన నీళ్లు గోడ పాదానికే చేరుతున్నాయి. మేము గోడ పక్కన జానెడు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తీయించి, అడుగున గులకరాళ్లు పోసి, నీళ్లు దూరంగా పోయేలా వాలు పెట్టించాం. మిద్దె మీద నీళ్లు దిగే తూము గోడను ఆనుకుని కారుతుంటే దాన్ని రెండడుగులు బయటికి పొడిగించాం. ఈ రెండు పనులకు అయిన ఖర్చు అప్పుడు పెట్టిన ఎమల్షన్ ఖర్చు కన్నా తక్కువ. పునాది మరీ లోతు లేని ఇళ్లలో గోడ పక్కనే ఎక్కువ లోతు తవ్వవద్దు, మేస్త్రీని అడిగి తవ్వించండి.

ఇక్కడే ఒక తప్పు దారి ఎదురవుతుంది. చెమ్మ ఎక్కిన మూడడుగుల మేర సిమెంటు పూత వేసి, పైన టైల్స్ అంటిస్తే సరిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అలా చేస్తే తడి ఆగదు. ఆరడానికి దారి లేక టైల్స్ పైఅంచు దాటి ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. వాటర్‌ప్రూఫ్ కెమికల్ లోపలి వైపు పూసినా అంతే. మూడడుగుల ఎత్తులో ఉన్న మరక ఏడాదికి ఐదడుగులకు చేరిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

కాబట్టి నా తీర్పు ఇది. మట్టితో కట్టిన రాతి గోడ, సున్నపు గార, అడుగున చెమ్మ అయితే సున్నమే. పొడిగా ఉన్న ఇటుక, సిమెంటు గోడ, అద్దె ఇల్లు అయితే అక్రిలిక్ డిస్టెంపర్ చాలు. అదే పొడి గోడ మీ సొంతమై, అయిదారేళ్లు మళ్లీ ముట్టుకోకూడదు అనుకుంటే ఎమల్షన్.

ఎమల్షన్ వేసిన పాత గోడను మళ్లీ సున్నానికి తేవడం

ఎమల్షన్ మీద నేరుగా సున్నం కొడితే పట్టదు. సున్నం గోడలోకి ఇంకి గట్టిపడాలి, ఆ పొర దాన్ని ఇంకనివ్వదు. కాబట్టి గీకాలి. బుడగలు లేచిన చోట లప్పం పట్టీతో తేలిగ్గానే వస్తుంది. పైభాగంలో గట్టిగా పట్టుకున్న చోట మాకు రోజుకు ఒక గోడ కూడా పూర్తి కాలేదు. అక్కడ తొందరపడి సుత్తి, ఉలి వాడితే కింద ఉన్న సున్నపు గార కూడా ఊడుతుంది. పైభాగం పొడిగా, గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచి, కింది నాలుగడుగులు మాత్రమే గీకి సున్నం కొట్టుకోవచ్చు. రెండూ కలిసే చోట అంచు కనిపిస్తుంది, దాన్ని ఒక పట్టీలా గీసుకుంటే బాగానే ఉంటుంది.

గీకిన తర్వాత బయటపడ్డ ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడగవద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. వారానికొకసారి దులుపుతూ ఒక వేసవి అంతా గోడను అలా వదిలేశాం. ఊడిన గుంతలను సిమెంటుతో కాకుండా, ఒక పాలు తడి సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపిన గారతో పూడ్చాం. సిమెంటు ముక్క ఆ మెత్తని గోడలో కలవదు, దాని చుట్టూ పగులు వస్తుంది.

సున్నం కలపడం

మా గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు. తలుపు, కిటికీ, గూళ్లు తీసేస్తే గోడలు సుమారు 350 చదరపు అడుగులు. మూడు కోటింగులకు 12 కిలోల కాలిన సున్నపు రాయి పట్టింది. నున్నటి గోడ అయితే పది కిలోలే సరిపోయేది, గరుకు గోడ ఎక్కువ తాగుతుంది.

మన కింద నేలంతా సున్నపురాయి పొరలే. యర్రగుంట్ల, తాడిపత్రి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది అందుకే. అయినా ఇప్పుడు బట్టీలో కాల్చిన రాయి అన్ని ఊళ్లలో దొరకడం లేదు. దొరికితే గడ్డలుగా, తేలికగా ఉన్నవి తీసుకోండి. ఇప్పటికే పొడిగా రాలిపోయిన గడ్డలు గాలికి సగం చచ్చిపోయినవి. గడ్డలు దొరకకపోతే సంచుల్లో వచ్చే సున్నం పొడి వాడవచ్చు. అది ముందే నీళ్లు తాగినది కాబట్టి బరువెక్కువ, 12 కిలోల రాయికి బదులు సుమారు 16 కిలోలు కావాలి. సంచి ఎన్నాళ్లు నిల్వ ఉందో తెలియనప్పుడు వంటింటి పసుపుతో చూడండి. చెంచా నీళ్లలో చిటికెడు పసుపు కలిపి, ఆ సున్నం కొంచెం వేయండి. దిష్టి నీళ్లలా ఎర్రబడితే దానిలో ఇంకా శక్తి ఉంది. పసుపుగానే ఉండిపోతే అది సుద్దగా మారిపోయింది, గోడ మీద నిలవదు.

సున్నం పోసే ముందు కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి, పిల్లలను ఆ దగ్గరికి రానివ్వకండి. నీళ్లు తగలగానే సున్నం సలసలా కాగుతుంది. ప్లాస్టిక్ బకెట్ మెత్తబడుతుంది కాబట్టి ఇనుప డ్రమ్ము వాడండి. ముందు డ్రమ్ములో నీళ్లు పోసి, అందులోకి గడ్డలను కొంచెం కొంచెంగా వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే పైకి చిమ్ముతుంది. కంట్లో పడితే రుద్దకుండా కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్లు ధారగా పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, చూపు పోయే ప్రమాదం ఉంది.

కిలో రాయికి సుమారు ఐదు లీటర్ల నీళ్ల లెక్కన, మాకు 60 లీటర్లు పట్టాయి. ఉప్పు బోరు నీళ్లు వాడవద్దు. గోడలోని ఉప్పు చాలదన్నట్టు మనమే ఇంకా వేసినట్టవుతుంది. తాగే నీళ్లు కానీ, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు కానీ వాడండి. కనీసం ఒక రోజంతా నానబెట్టి, మర్నాడు బాగా కలిపి ముతక గుడ్డలో వడకట్టండి. రాళ్లు, ఉడకని గడ్డలు గుడ్డలో మిగులుతాయి. వాటిని వదిలేస్తే తర్వాత గోడ మీదే విచ్చి, చిన్న చిన్న గుంతలు పడతాయి.

వడకట్టిన సున్నపు పాలలో వేలు ముంచి తీస్తే పూత కింద గోరు లీలగా కనిపించాలి. కనపడకపోతే చిక్కగా ఉంది, నీళ్లు కలపండి. పది లీటర్ల పాలకు 40 గ్రాముల తుమ్మ బంకను వేడి నీళ్లలో కరిగించి కలపండి. ఆ రోజు వాడే పాలకు మాత్రమే కలపండి, నిల్వ ఉంటే వాసన వస్తుంది. తెల్లదనం కోసం కిలో సున్నానికి మూడు గ్రాములు మించకుండా నీలిమందు వేయవచ్చు. చేయి జారితే ఇల్లంతా నీలంగా మారుతుంది. వేరే రంగు కావాలంటే పసుపు మన్ను, ఎర్రమన్ను లాంటి మట్టి రంగులే వాడండి. మామూలు రంగు పొడులు చాలావరకు సున్నం ఘాటుకు వెలిసిపోతాయి.

కొట్టడం

మేము డిసెంబర్ మూడో వారంలో మొదలుపెట్టాం. వానలు వెళ్లిపోయి, ఎండ మెత్తగా ఉండే ఆ రోజులే మన వైపు సున్నానికి అసలైన అదును. ఉగాదికి కొట్టే ఇళ్లూ ఉన్నాయి కానీ అప్పటికే ఎండ ముదురుతుంది, సాయంత్రం పూటే కొట్టాలి. దీనికి కారణం ఉంది. సున్నం ఆరడం వల్ల గట్టిపడదు. తడిగా ఉన్నంత సేపు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. వేడి గాలికి గంటలో ఆరిపోతే ఆ మార్పు సగంలోనే ఆగిపోతుంది, మిగిలేది పొడి. వీపు ఆనించగానే చొక్కాకు అంటుకునే సున్నం ఎక్కువగా ఇలా తయారైనదే. ఆ అంటుకునే గుణం సున్నానిది అనుకుని మేము ఎమల్షన్‌కు పోయాం. నిజానికి చాలా ఏళ్లుగా మా ఇంట్లో పొడి గోడ మీద, మిట్ట మధ్యాహ్నం, ఒకే మందపు కోటింగుతో పని ముగించేసేవాళ్లు.

ముందు రోజు సాయంత్రం గోడను నీళ్లతో తడపండి. కొట్టడానికి అరగంట ముందు మళ్లీ ఒకసారి చల్లండి. గోడ చల్లగా, తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. నార కుంచెతో ఒక వరుస పైనుంచి కిందికి, దాని మీదే కిందినుంచి పైకి కొట్టండి. అది ఆరకముందే అడ్డంగా కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పండి. కుంచె ముంచిన ప్రతిసారీ బకెట్‌ను అడుగునుంచి కలపండి, సున్నం ఊరికే అడుక్కి దిగుతుంది.

మొదటి కోటింగు తడిగా ఉన్నప్పుడు గోడ అంతా కనిపిస్తూనే ఉంటుంది. పనివాళ్లు ఇక్కడే కంగారుపడి చిక్కగా పూస్తారు. ఆగండి. ఆరేకొద్దీ అది తెల్లబడుతుంది, మర్నాడు చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది. రోజుకు ఒక కోటింగు చొప్పున మూడు రోజులు వేయండి, ప్రతిసారీ ముందు లేతగా తడిపి వేయండి. మూడోది అయ్యాక మరో రెండు రోజులు సాయంత్రం నీళ్లు చిలకరించండి. ఎండ పడే కిటికీలకు తడి గోనె వేలాడదీస్తే ఇంకా మంచిది.

వారం తర్వాత అరచేతితో రుద్ది చూడండి. కొద్దిపాటి తెల్లదనం అంటితే మామూలే. బాగా పొడి రాలితే మెత్తటి బ్రష్‌తో దులిపి, గోడ తడిపి, బంక కలిపిన పల్చటి కోటింగు ఇంకొకటి వేయండి. పొడి కాకుండా పెచ్చులుగా లేస్తే మందంగా కొట్టారని కానీ, కింద పాత రంగు మిగిలిపోయిందని కానీ అర్థం. అక్కడ గీకి మళ్లీ మొదలుపెట్టాలి, మరో దారి లేదు.

మా గది కింది భాగంలో తర్వాతి వానాకాలం కూడా కొంచెం ఉప్పు తేలింది. కాలువ తీసినా పూర్తిగా పోలేదు. చీపురుతో దులిపి, సంక్రాంతికి ఆ మూడడుగుల మేర ఒక కోటింగు వేస్తే సరిపోయింది. సున్నం ఎంచుకుంటే ఇలాంటి పని ఏడాదికో రెండేళ్లకో ఉంటుందని ముందే అనుకోండి. పిల్లలు పెన్సిల్‌తో గీస్తే తుడవడం కుదరదు, నూనె మరక పోదు. బయటి గోడ మొదట్లో మన పెద్దవాళ్లు జాజు పట్టీ వేసేది కూడా అందం ఒక్కదానికే కాదు. వాన చినుకులకు ఎగిరే ఎర్రమట్టి ఆ పట్టీలో కలిసిపోతుంది, ఏటా మళ్లీ వేయాల్సిందీ ఆ పట్టీ ఒక్కటే.

అద్దె ఇంట్లో

కర్నూలులో మేమున్న అద్దె పోర్షన్ మొదటి అంతస్తులో ఉండేది. ఇటుక గోడలు, సిమెంటు పూత, చెమ్మ లేదు. అయినా ముందు గదిలో రంగు అప్పడాల్లా లేచి ఉంది. టేపు పరీక్షలో వచ్చిన పెచ్చును తిప్పి చూస్తే వెనక నాలుగైదు తెల్లటి పొరలు కనిపించాయి. ఒకప్పుడు ఏటా కొట్టిన సున్నం మీద నేరుగా డిస్టెంపర్ వేశారన్నమాట. గోడకూ డిస్టెంపర్‌కూ మధ్య ఉన్న ఆ వదులు సున్నమే ఊడుతోంది. దాని మీద ఎమల్షన్ వేసి ఉంటే ఇంకా పెద్ద పెచ్చులు ఊడేవి, ఎందుకంటే ఎమల్షన్ ఆరేటప్పుడు బిగుసుకుని కింది పొరను లాగుతుంది.

డబ్బు పెట్టే ముందు ఓనర్‌తో రెండు మాటలు తేల్చుకోండి. ఒకటి, సరుకు ఎవరిది, కూలి ఎవరిది. రెండు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత ఉందా. ఎలాగూ కోత పెట్టే ఇంట్లో ఎమల్షన్ వేయించడం మీ డబ్బు వేరేవాళ్ల గోడకు పూయడమే. మేము గోడ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి, లేత రంగు వేస్తామని రాసి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం. సరుకు ఆయన ఇచ్చారు, కూలి మేము పెట్టుకున్నాం.

వదులుగా ఉన్న పొరను నీళ్లు చల్లి నానబెట్టి లప్పం పట్టీతో గీకండి. గట్టిగా ఉన్న చోట వదిలేయండి. గీకిన చోటికీ వదిలిన చోటికీ మధ్య అంచును ఎమిరీ పేపర్‌తో అరగదీయకపోతే రంగు వేశాక మ్యాపులో సరిహద్దులా కనిపిస్తుంది. దుమ్మంతా తుడిచి రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత ప్రైమర్. అరచేతికి ఇంకా పొడి అంటుతుంటే నీళ్ల ప్రైమర్ కన్నా నూనె రకం గోడ ప్రైమర్ ఆ పొడిలోకి ఇంకి బాగా బిగిస్తుంది. అది పొడి గోడకు మాత్రమే, చెమ్మ గోడకు వాడవద్దు. ప్రైమర్ ఆరాక మేకు రంధ్రాలకు, గుంతలకు మాత్రం లప్పం పెట్టండి. అద్దె గోడకంతా లప్పం పట్టించడం అనవసరం. లప్పం పెట్టిన మచ్చలను రుద్ది, వాటి మీద మళ్లీ ప్రైమర్ తాకించండి, లేకపోతే ఆ మచ్చలు రంగును ఎక్కువ పీల్చి వేరుగా కనిపిస్తాయి.

ఇక డిస్టెంపర్ రెండు కోటింగులు, మధ్యలో కనీసం నాలుగు గంటలు. మాకు ఆ గదికి పది కిలోల బకెట్ పట్టింది. డబ్బా మీద రాసే లెక్క నున్నటి కొత్త గోడకు రాసినది, పాత గోడకు పావు వంతు ఎక్కువ తీసుకోండి. నీళ్లు కూడా డబ్బా మీద రాసినంతే కలిపించండి, దగ్గర నిలబడి చూడండి. బకెట్ ఎక్కువ గోడలకు రావాలని నీళ్లు పెంచితే జిగురు పల్చబడుతుంది. మూడు రోజుల తర్వాత చేతికి రంగు అంటుతోందంటే అదే జరిగింది.

వంటింట్లో గ్యాస్ పొయ్యి వెనక మాత్రం డిస్టెంపర్ వద్దు. పోపు చిటపటలు పడిన మచ్చను తుడిస్తే మచ్చతో పాటు రంగూ వస్తుంది. ఆ ఒక్క గోడను బట్టల సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ తుడిచి, ఆరాక ప్రైమర్ వేసి లీటర్ ఎమల్షన్ కొట్టుకున్నాం. పిల్లలు పడుకునే మంచం పక్కన కూడా నాలుగడుగుల ఎత్తు దాకా అదే వేశాం. డిస్టెంపర్ గట్టిగా ఉంటే, ప్రైమర్ వేసి దాని మీద ఎమల్షన్ వేయవచ్చు. ఎమల్షన్ మీద సున్నం నిలవదు, డిస్టెంపర్ మీద కూడా నిలవదు. ఓనర్ తర్వాత సున్నమే కొట్టించుకునే మనిషైతే ఈ సంగతి ముందే చెప్పండి.

మిగిలిన డిస్టెంపర్‌ను గాలి చొరకుండా మూతపెట్టి, షేడ్ నంబర్, వేసిన నెల రాసి అటక మీద ఉంచాం. ఖాళీ చేసే ముందు రోజు మేకులు పీకిన రంధ్రాలకు లప్పం పెట్టి, అదే డబ్బాలోంచి చిన్న బ్రష్‌తో తాకించాం. అడ్వాన్స్‌లో గోడల కింద ఏమీ తగ్గించలేదు.